టికెట్ మీద నలుగురు, ఇన్‌స్టాల్ దగ్గర ఎవరూ లేరు

మాది హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్. మందుల డిస్ట్రిబ్యూటర్ల కోసం ఆర్డర్లు, బిల్లింగ్ చూసే యాప్ నడుపుతాం. మెడికల్ షాపులవాళ్లు పొద్దున్నే షట్టర్ ఎత్తకముందే ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తారు, పదింటికల్లా డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ నుంచి ఆటో బయలుదేరుతుంది. అంటే మాకు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎంత రద్దీ ఉంటుందో, మిగతా రోజంతా కలిపినా అంత ఉండదు.

ఒక శనివారం సరిగ్గా ఆ టైమ్‌లో యాప్ ఆగిపోయింది. సర్వర్ పడిపోలేదు, కోడ్‌లో తప్పు లేదు. వెబ్‌సైట్ అసలైనదేనని బ్రౌజర్లకి, ఫోన్లకి రుజువు చూపే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. దాన్ని రెన్యూ చేయించాల్సిన టికెట్ 45 రోజుల ముందే తెరిచి ఉంది. దాని మీద నలుగురి పేర్లున్నాయి. ఆ నాలుగు పేర్లూ పెట్టింది నేనే. అందుకే ఈ కేసు నేను రాయడమే సబబు అనిపించింది.

ముందు టికెట్ ఎలా ఉందో చెప్పాలి. మేం గిట్‌హబ్ ఇష్యూస్ వాడతాం. అందులో ఒక్కో టికెట్‌ని ఇష్యూ అంటారు, ఒక ఇష్యూకి 10 మంది దాకా అసైనీలుగా, అంటే పని అప్పగించినవాళ్లుగా పెట్టుకోవచ్చు. జిరాలో, అసనాలో మామూలుగా ఒక టాస్క్‌కి ఒక్కరే అసైనీ. ట్రెల్లోలో కార్డుకి పలువురిని మెంబర్లుగా చేర్చవచ్చు. ఏ టూల్ పద్ధతి దానిది. మాకు 10 మందికి వీలుంది కాబట్టి నలుగురిని పెట్టాను, అంతే. ఆ నలుగురు ఎవరంటే సర్వర్లు చూసే డెవాప్స్ కుర్రాడు, మా డొమైన్ పేరు రికార్డులు, అంటే డీఎన్‌ఎస్ చూసే నెట్‌వర్క్ సీనియర్, డబ్బు కట్టే అకౌంట్స్ మేడమ్, కస్టమర్ల ఫోన్లు ఎత్తే సపోర్ట్ అమ్మాయి. కింద ఐదు చెక్‌బాక్సులు రాశాను:

```
- [ ] CSR తయారు చేయాలి
- [ ] ఆర్డర్, పేమెంట్
- [ ] DNS లో TXT రికార్డు
- [ ] సర్టిఫికెట్ వచ్చాక load balancer మీద ఇన్‌స్టాల్
- [ ] యాప్‌లో చెక్
```

చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉంది! అప్పుడు నాకూ అలాగే అనిపించింది. మొదటి మూడూ ఎవరివో అడగక్కర్లేదు, పని పేరులోనే మనిషి ఉన్నాడు. నాలుగోది మళ్లీ చదవండి. "సర్టిఫికెట్ వచ్చాక" అని రాశాను. ఎవరికి వచ్చాక? అది రాయలేదు. రాయాలని తట్టలేదు కూడా. నలుగురున్నారు కదా, ఎవరో ఒకరికి వస్తుంది.

ఇక జరిగింది వరుసగా చెబుతాను. టికెట్ తెరిచిన రెండో రోజే డెవాప్స్ కుర్రాడు సీఎస్‌ఆర్, అంటే సర్టిఫికెట్ ఇవ్వమని కోరే ఫైలు, తయారు చేసి టికెట్‌కి తగిలించాడు. మొదటి టిక్ పడింది. కొనుగోలు ఆర్డర్ అప్రూవల్‌కి వారం పట్టింది, అది మా కంపెనీలో మామూలే. అప్రూవల్ రాగానే అకౌంట్స్ మేడమ్ ఆర్డర్ పెట్టి డబ్బు కట్టారు, రెండో టిక్. ఆర్డర్ ఫారంలో తన మెయిల్ ఐడీయే ఇచ్చారు, కట్టింది తనే కాబట్టి. డొమైన్ మాదేనని నిరూపించడానికి డీఎన్‌ఎస్‌లో పెట్టాల్సిన కోడ్ కూడా ఆవిడకే వచ్చింది. దాన్ని నెట్‌వర్క్ సీనియర్‌కి పంపారు, ఆయన అదే రోజు టీఎక్స్‌టీ రికార్డు పెట్టి మూడో టిక్ కొట్టారు. మర్నాడు సర్టిఫికెట్ ఇష్యూ అయింది. జిప్ ఫైలు అకౌంట్స్ మేడమ్ మెయిల్‌కి వచ్చింది. అదే అడ్రస్ నుంచి ముందు రోజు ఇన్వాయిస్ వచ్చింది కదా, ఇదీ దాని తాలూకుదే అనుకుని రెండింటినీ ఇన్వాయిస్‌ల ఫోల్డర్‌లో వేసి పెట్టారు. జాగ్రత్తపరురాలు, ఏదీ డిలీట్ చెయ్యరు.

అప్పటికి గడువుకి ఇంకా 34 రోజులుంది. సర్టిఫికెట్ మా చేతిలో ఉంది. చేయాల్సింది అరగంట పని. ఆ 34 రోజులూ ఆ జిప్ అక్కడే ఉండిపోయింది.

మధ్యలో ఎవరూ చూడలేదా అంటే చూశారు. అదే ఈ కేసులో నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని విషయం. గడువు ఇంకా మూడు వారాలుందనగా స్టాండప్‌లో నేనే అడిగాను, "సర్టిఫికెట్ సంగతేంటి?" అని. మైకు తీసి ఉన్న నెట్‌వర్క్ సీనియర్ "అయిపోవచ్చిందండీ" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన భాగం అయిపోయింది, డొమైన్ వెరిఫై అయింది. నేను విన్నది మాత్రం మొత్తం టికెట్ గురించి. తర్వాత టికెట్ తెరిచి చూస్తే ఐదింటిలో మూడు టిక్కులు, కింద ముగ్గురి కామెంట్లు. పని నడుస్తున్నట్టే కనిపించింది. ఒక్క పేరే ఉండి దాదాపు రెండు వారాలుగా కదలిక లేకపోతే ఆ మనిషిని పేరు పెట్టి అడిగేవాణ్ణి. నలుగురున్న టికెట్‌లో ఎవరు కదల్లేదో కనిపించదు. ఎవరో ఒకరు కదిలినా అందరూ కదిలినట్టే ఉంటుంది.

గడువు దగ్గర పడుతోందని హెచ్చరించే మెయిళ్లు కూడా వచ్చాయి, అవి ఒక గ్రూప్ ఐడీకి వచ్చేవి. ఆ గ్రూప్‌లో 11 మంది. వారం ముందు వచ్చిన మెయిల్‌ని ఒక డెవలపర్ తెరిచాడు, టికెట్ కూడా వెతికి చూశాడు. "నలుగురున్నారు కదన్నా, చూసుకుంటున్నారులే అనుకున్నా" అన్నాడు తర్వాత. టికెట్ మీద పేర్లే లేకపోతే అతను కచ్చితంగా అరిచి గోల చేసేవాడు, ఆ స్వభావం ఉన్నవాడే. నాలుగు పేర్లు చూసి నిశ్చింతగా మెయిల్ మూసేశాడు.

టికెట్‌లో గడువు శుక్రవారం అని ఉంది. సర్టిఫికెట్ మీద ఉన్న టైమ్ ఆ రోజు రాత్రి 23:59:59, కాకపోతే జీఎంటీ. మనకి శనివారం ఉదయం 5:29:59. కాబట్టి శుక్రవారం రాత్రి ఎవరైనా బెంగపడి యాప్ తెరిచినా బ్రహ్మాండంగా పనిచేసేది.

మొదటి ఫోన్ 6:20కి సపోర్ట్ అమ్మాయికి వచ్చింది. యాప్‌లో "నెట్‌వర్క్ ఎర్రర్" అని వస్తోందట. పాత సర్టిఫికెట్ చూసినప్పుడు బ్రౌజర్ అయితే ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది. మొబైల్ యాప్ మాత్రం కనెక్షన్ ఒప్పుకోకుండా ఊరుకుంటుంది. మా యాప్ ఏ తప్పు వచ్చినా అదే ఒక్క మాట చెబుతుంది, అది మా ఇంకో పాపం. పాపం ఆ అమ్మాయి గంటకు పైగా షాపులవాళ్లతో ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయించి, ఆఫ్ చేయించి, యాప్ తీసేయించి మళ్లీ వేయించింది. 7:40కి ఒకాయన ల్యాప్‌టాప్‌లో కూడా రావట్లేదన్నాడు. అప్పుడు తన ల్యాప్‌టాప్‌లో తెరిచింది. `NET::ERR_CERT_DATE_INVALID`.

అక్కడి నుంచి మరో గంట వృథా అయింది. సర్టిఫికెట్ కొననేలేదని అందరం అనుకున్నాం. డెవాప్స్ కుర్రాడు కొత్తది ఆర్డర్ పెట్టడానికి కూర్చున్నాడు, కంపెనీ కార్డు ఎవరి దగ్గరుందో వెతుకుతున్నాం. కార్డు కోసమే 8:30కి అకౌంట్స్ మేడమ్‌కి ఫోన్ చేశాను. "అది ఎప్పుడో వచ్చేసింది కదండీ, నా దగ్గరే ఉంది" అన్నారావిడ. ఆ ఒక్క మాటతో నా మెదడు మొద్దుబారిపోయింది. ఫోన్ నుంచే ఫార్వర్డ్ చేశారు. 9:05కి ఇన్‌స్టాల్ అయింది, కుర్రాడు "డన్" అని గ్రూప్‌లో పెట్టాడు. అతని బ్రౌజర్‌లో సైట్ తెరుచుకుంది మరి. సపోర్ట్ అమ్మాయి ఫోన్‌లో మాత్రం ఇంకా అదే ఎర్రర్. జిప్‌లో మన సర్టిఫికెట్‌తో పాటు, దాన్ని ఫోన్ నమ్మే సంస్థతో కలిపే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ల ఫైలు ఒకటి ఉంటుంది. తొందరలో అది వేయలేదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ చాలాసార్లు ఆ లోటును తనే పూడ్చుకుంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్ పూడ్చుకోదు. అది కూడా వేసేసరికి 9:25. ఐదున్నర నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగు గంటలు.

సోమవారం నలుగురినీ కూర్చోబెట్టాను. తిట్టడానికి కాదు, తిట్టే హక్కు నాకు లేదు. రెండే ప్రశ్నలు అడిగాను. మొదటిది, "ఇందులో మీ పని ఏంటి?" నలుగురూ తడుముకోకుండా చెప్పారు, తమ దాకా వచ్చిన పని ఎవరూ ఆపలేదు. రెండోది, "మొత్తం అయిందో లేదో ఎవరు చూడాలి?" డెవాప్స్ కుర్రాడు నెట్‌వర్క్ సీనియర్ వైపు చూశాడు, చివరి టిక్ ఆయనదే కాబట్టి సర్టిఫికెట్ ఆయనకే వస్తుందనుకున్నాడట, వస్తే తనకు పంపుతారని చూస్తున్నాడట. సీనియర్ సపోర్ట్ అమ్మాయి వైపు చూశారు, చివరి చెక్‌బాక్సు ఆమెదేనని. ఆమె డెవాప్స్ కుర్రాడి వైపు చూసింది, అతను ఇన్‌స్టాల్ చేశానని చెబితే కదా సర్ నేను చెక్ చేసేది అంది. అకౌంట్స్ మేడమ్ ఎవరి వైపూ చూడలేదు. "నాకు టెక్నికల్ తెలియదు, బిల్లు టైమ్‌కి కట్టాను" అన్నారు. ఒక్కరి మాటలోనూ తప్పు లేదు.

సీనియర్ కాసేపాగి ఒక సామెత అన్నారు. "పొత్తుల మగడు పుచ్చి చచ్చాడండీ." ఇద్దరు పెళ్లాల్లో ఒకావిడ చూసుకుంటుందిలే అని ఇంకొకావిడ, ఆవిడ చూసుకుంటుందిలే అని ఈవిడ. సామెత మొరటుదే కానీ మా టికెట్‌కి అచ్చంగా సరిపోయింది.

దీన్ని మనస్తత్వ శాస్త్రంలో బాధ్యత చెదిరిపోవడం అంటారు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అని ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్‌కామ్‌లో మాట్లాడిస్తారు, మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం ఆ మూర్ఛ ముగిసేలోపే సాయం కోసం లేచారు. వింటున్నవాళ్లు తనతో కలిపి ఐదుగురు ఉన్నారనుకున్నప్పుడు 31 శాతమే లేచారు. ఇది చదివి ఊరుకోవచ్చు, కానీ నా కేసుకి ఇది పూర్తిగా అతకదు. ఆ ప్రయోగంలో లేవనివాళ్లు ఏమీ చెయ్యలేదు. మా వాళ్లు తమ దాకా వచ్చిన పని చేశారు, టైమ్‌కి చేశారు. మా దగ్గర చెదిరిపోయింది పని కాదు, పనికీ పనికీ మధ్య ఉన్న సందు. జిప్ ఫైలు ఒక మెయిల్ నుంచి ఇంకో మెయిల్‌కి వెళ్లాల్సిన ఆ అడుగు ఎవరి ఉద్యోగంలోనూ లేదు.

అసలు నేను నాలుగు పేర్లు ఎందుకు పెట్టాను? నిజం ఒప్పుకోవాలంటే, "నాకు తెలియదు" అని రేపు ఎవరూ అనకూడదని. అసైన్ చేస్తే అందరికీ నోటిఫికేషన్ వెళ్తుంది, అక్కడితో నా పూచీ తీరిపోతుందనుకున్నాను. అసైనీ అనే గడిని చుట్టాలకి శుభలేఖలు పంచే లిస్టులా వాడాను. మిగతా టికెట్లు చూస్తే అందరం అదే చేస్తున్నామని తెలిసింది. ఆ ఒక్క గడి మా దగ్గర మూడు పనులు మోస్తోంది: చేసేది ఎవరు, తెలియాల్సింది ఎవరికి, రేపు జవాబు చెప్పేది ఎవరు. తెలియాల్సినవాళ్ల కోసం సబ్‌స్క్రైబ్ ఉంది, కామెంట్‌లో పేరు ముందు @ పెట్టి పిలిచే వీలుంది. చేసేవాళ్ల కోసం పనిని విడగొట్టవచ్చు. జవాబు చెప్పేవాళ్లకే వేరే గడి లేదు. ఉన్న ఒక్కటీ వాళ్లకే వదిలెయ్యాలి.

ఎంతమేర ఇలా ఉందో చూడ్డానికి మా రిపాజిటరీలో ఇది నడిపాను. తెరిచి ఉన్న ఇష్యూల్లో ఒకటి కంటే ఎక్కువ పేర్లున్నవి మాత్రమే చూపిస్తుంది:

```
gh issue list --state open --limit 500 \
  --json number,title,assignees \
  --jq '.[] | select((.assignees | length) > 1)
        | "\(.assignees | length)\t#\(.number)\t\(.title)"'
```

`--limit` మర్చిపోతే మొదటి 30 మాత్రమే చూస్తుంది, జాగ్రత్త. మాకు 63 వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే తెరిచి, ఉన్నవాళ్లలో ఒక్క పేరే ఉంచే పని పెట్టుకున్నాం. గంటలో అయిపోతుందనుకుంటే రెండు మధ్యాహ్నాలు పట్టింది. కొన్నింటికి చిటికెలో తేలింది, నిజానికి చేస్తున్నది ఒకరే, మిగతా పేర్లు మొహమాటానికి. కొన్నింటికి వాదన జరిగింది, అవి రెండు మూడు పనులు ఒకే టికెట్‌లో ఇరికించినవి, విడగొట్టాం. నేను ఊహించనిది మూడో రకం. ఒక్క పేరు ఉంచుదామనగానే అందరూ పేరు తీసేయమన్నవి 19. ఎవరికీ అక్కర్లేని పనులు. ఏ ఆరు నెలల కిందటో ఒక మీటింగ్‌లో "అవును, చెయ్యాలి" అని తలూపి నలుగురి పేర్లు పెట్టేసినవి. పేరు ఒకటే అయితే ఆ మనిషి ఎప్పుడో "ఇది నేను చెయ్యను" అని ఉండేవాడు, ఆ గొడవ అప్పుడే తేలేది. 19లో 16 అక్కడే మూసేశాం. మిగతా మూడు పై వాళ్ల దగ్గరికి పంపాం, చెయ్యాలంటే మనిషిని ఇవ్వండి అని.

ఇంకో చిన్న సంగతి కూడా బయటపడింది. ఎవరి మీద ఎంత పని ఉందో చూసే రిపోర్టులో ఒక్కో టికెట్ నలుగురి లెక్కలోనూ పడుతోంది. నెట్‌వర్క్ సీనియర్ లిస్టులో సగానికి పైగా ఆయన చేయాల్సింది ఏమీ మిగలని టికెట్లే. దాంతో ఆయన ఆ లిస్టు చూడడమే మానేశారు. లిస్టు చూడని మనిషికి ఇంకో టికెట్ అసైన్ చేసి, చెప్పాను కదా అనుకోవడం మా తెలివి.

కొత్త పద్ధతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: ఒక టికెట్‌కి ఒక పేరు, పని పలువురిదైతే ఒక్కొక్కరికి ఒక చిన్న టికెట్, వాటన్నిటి మీద ఉన్న పెద్ద టికెట్‌కి మళ్లీ ఒక్క పేరు. ఆ పెద్ద టికెట్ పేరున్నవాళ్లు పనంతా చెయ్యక్కర్లేదు. మొత్తం అయిందో లేదో చూడాలి, ఎక్కడైనా ఆగితే ఎవరి దగ్గర ఆగిందో చెప్పాలి. "అయింది" అంటే ఏమిటో కూడా టికెట్ తెరిచేటప్పుడే, బయట నుంచి చూసి తేల్చగలిగేలా రాయాలి. సర్టిఫికెట్ విషయంలో దాన్ని ఒక కమాండ్‌గా రాసుకున్నాం:

```
openssl s_client -connect example.com:443 -servername example.com \
  </dev/null 2>/dev/null | openssl x509 -noout -enddate
```

ఇందులో వచ్చే `notAfter` తేదీ మారితేనే కొత్త సర్టిఫికెట్ నిజంగా జనానికి అందుతున్నట్టు. కొన్నామా, మెయిల్ వచ్చిందా అన్నది దీనికి పట్టదు. అయినా ఇంటర్మీడియట్ ఫైలు మర్చిపోతే ఇది పట్టుకోలేదు, అందుకని ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ తెరిచి చూడాలని కూడా రాశాం.

పద్ధతి మార్చాక అంతా సాఫీగా సాగిందని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి నెలలోనే రెండు ఎదురుదెబ్బలు తగిలాయి.

ఒకటి సెలవు. డెవాప్స్ కుర్రాడు అక్క పెళ్లికని పది రోజులు ఊరెళ్లాడు. అతని పేరున్న ఒక బ్యాకప్ టికెట్ ఆ పది రోజులూ కదల్లేదు, ఎందుకంటే "అది అతని టాస్క్". నలుగురి పేర్లున్న రోజుల్లో అయితే ఎవరో ఒకరు వేలు పెట్టి ఉండేవాళ్లని ఒకరిద్దరు గుర్తుచేశారు. కాదనలేను. ఇప్పుడు సెలవు పెట్టేవాళ్లు తమ పేరున్నవన్నీ వేరే పేరు మీదకి మార్చి వెళ్లాలి. తీసుకునేవాళ్లు కామెంట్‌లో "తీసుకున్నాను" అని రాస్తేనే అది మారినట్టు. రాయకపోతే సెలవు మనిషిదే. ఈ చివరి ముక్క కాస్త కఠినంగా ఉందని గొణిగారు, కానీ అది లేకపోతే జిప్ ఫైలు కథే మళ్లీ. ఒకరు పంపామనుకుంటారు, ఇంకొకరు అందలేదనుకుంటారు.

రెండోది దీనికంటే చిక్కు. కొత్తగా చేరిన ఒక ట్రైనీకి ఒక పెద్ద టికెట్ ఇచ్చాం, ఒక వెండర్‌తో కాంట్రాక్ట్ పొడిగింపు. అందులో లీగల్, అకౌంట్స్, మా డైరెక్టర్ సంతకం ఉన్నాయి. ట్రైనీ అందరికీ మెయిల్ పెట్టాడు, ఎవరూ జవాబివ్వలేదు, మళ్లీ పెట్టాడు. టికెట్‌లో పేరు అతనిది, గడువు దాటితే మాట పడేది అతను, కానీ డైరెక్టర్ గారి తలుపు తట్టే చనువు అతనికి లేదు. ఒక్క పేరు పెట్టడం వల్ల ఇక్కడ బాధ్యత బయటపడలేదు, అన్నిటికంటే బలహీనుడి నెత్తిన పడింది. ఆ టికెట్ నా పేరు మీదకి మార్చుకున్నాను. అప్పటి నుంచి పేరు పెట్టేముందు ఒకటి అడుగుతున్నాను: ఈ మనిషి ఫోన్ చేస్తే మిగతావాళ్లు ఎత్తుతారా?

ఇద్దరి పేర్లూ నిజంగా ఉండాల్సిన టికెట్లు లేవా అని డెవలపర్లు గట్టిగానే అడిగారు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే కోడ్ రాస్తే ఒకరి పేరే ఎందుకు అని. న్యాయమైన మాటే, అది పేరు రావాల్సిన సంగతి. దానికి కమిట్ మెసేజ్ చివర `Co-authored-by:` లైను ఉంది, ఇద్దరికీ పేరు అక్కడ వస్తుంది. టికెట్ మీద పేరు మెప్పు కోసం కాదని చెప్పాను. సగం మంది ఒప్పుకున్నారు. ఇంకో రకం, అందరూ ఎవరిది వాళ్లు చెయ్యాల్సినవి. పాస్‌వర్డ్ మార్చుకోవడం, సెక్యూరిటీ ట్రైనింగ్ వీడియో చూడడం లాంటివి. అది ఒక టికెట్ కానే కాదు, 14 మందికి 14 టికెట్లు. 14 మందికీ కలిపి ఒకే టికెట్ పెడితే 13 మంది చూశాక దాన్ని మూసెయ్యాలా వద్దా అన్నది ఎవరికీ తెలియదు. గ్రూప్ మెయిల్ హెచ్చరికలకి మాత్రం వారం వారం మారే ఒక డ్యూటీ పెట్టాం. ఆ వారం ఎవరి డ్యూటీ అయితే ఆ గ్రూప్‌కి వచ్చే ప్రతి హెచ్చరికకీ వాళ్లే జవాబు రాయాలి, "చూశాను, ఫలానా టికెట్‌లో ఉంది" అనైనా సరే.

తర్వాత ఏడాది సర్టిఫికెట్ రెన్యువల్ వచ్చింది. అప్పటికి సర్టిఫికెట్‌కి గరిష్ఠ గడువు 398 రోజులే. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి దాన్ని 200 రోజులకి తగ్గించారు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. అంటే ఏడాదికోసారి వచ్చే ఈ టికెట్ నెలన్నరకోసారి వచ్చేదాకా పోతుంది, చేత్తో చేసే పని కాకుండా పోతుంది. ఆటోమేట్ చేసే టికెట్ ఇప్పుడు డెవాప్స్ కుర్రాడి పేరు మీద ఉంది. అది ఆగిపోయినప్పుడు వచ్చే అలర్ట్ ఎవరికి వెళ్లాలన్నది అదే టికెట్‌లో మొదటి లైను.

ఆ ఏడాది రెన్యువల్ పెద్ద టికెట్‌కి ఎవరి పేరు పెట్టాలని అడిగితే అందరూ డెవాప్స్ అన్నారు, ఎక్కువ పని అతనిదే కాబట్టి. నేను సపోర్ట్ అమ్మాయి పేరు పెట్టాను. ఇది తప్పితే ఉదయం 6:20కి మోగేది ఆమె ఫోనే. పని అయిందో లేదో ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూసి చెప్పగలిగిందీ ఆమే. మొదట్లో జంకింది, "సర్, నాకు సీఎస్‌ఆర్ అంటే ఏంటో కూడా తెలియదు" అంది. తెలియక్కర్లేదన్నాను. ఆమె చేసిన మొదటి పని అకౌంట్స్ మేడమ్ దగ్గరికెళ్లి ఆర్డర్ ఫారంలో తన మెయిల్ ఐడీ రాయించడం.

జిప్ ఆమెకే వచ్చింది. అదే రోజు డెవాప్స్ కుర్రాడికి చిన్న టికెట్ పడింది. రెండు రోజులు అతను ముట్టుకోకపోతే మూడో రోజు అతని సీటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుందట. గడువుకి 12 రోజుల ముందు ఆ టికెట్ మూసింది. కామెంట్‌లో పాత `notAfter`, కొత్త `notAfter`, కింద తన ఫోన్ స్క్రీన్‌షాట్. నేను సబ్‌స్క్రైబర్ల లిస్టులో ఉన్నాను కాబట్టి నాకూ మెయిల్ వచ్చింది. చూసి మూసేశాను.